"అందరికీ తెలిసిందేగా" అంటే చాలదు: కాంట్రాక్టులో డైరెక్టర్‌కి ప్రయోజనం ఉంటే మినిట్స్‌లో ఎందుకు రాయాలి?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, కంపెనీ ఆఫీసుల్లో ఎంబీపీ-1 ఫారాల మీద సంతకాల హడావిడి మొదలవుతుంది. డైరెక్టర్లు తమకు ఏయే కంపెనీల్లో, ఏయే ఫర్ముల్లో వాటాలున్నాయో అందులో నింపి, సంతకం పెట్టి ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఆరు నెలలకో ఎనిమిది నెలలకో వాళ్ల సొంత ఫర్ముతోనే కంపెనీకి ఒక కాంట్రాక్టు కుదురుతుంది, బోర్డు మీటింగ్‌లో ఆమోదం పొందుతుంది, మీటింగ్‌లో ఏం జరిగిందో రాసిపెట్టే మినిట్స్ తయారవుతాయి, కానీ ఆ డైరెక్టర్ తన సంబంధం గురించి చెప్పినట్టు మినిట్స్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు. అడిగితే రెండు జవాబులు వస్తాయి. "ఏప్రిల్‌లోనే రాసిచ్చానుగా" అనేది ఒకటి. "ఆ ఫర్ము మాదని బోర్డులో అందరికీ తెలుసు, కొత్తగా చెప్పేదేముంది" అనేది రెండోది.

రెండూ మోసం చేసే ఉద్దేశంతో చెప్పే మాటలు కావు. చాలామంది నిజంగా అలాగే అనుకుంటారు. మినిట్స్ రాసే పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాడిగా చెబుతున్నాను, ఈ రెండు నమ్మకాల వల్ల నిజాయతీపరులు ఇరుక్కున్నంతగా ఇంకే పొరపాటు వల్లా ఇరుక్కోలేదు. అందుకే కొంచెం ఓపిగ్గా, మొదటి నుంచి చూద్దాం.

ఇక్కడ 'ఇంటరెస్ట్' అంటే వడ్డీ కాదు, ఆసక్తీ కాదు

చట్టంలో 'ఇంటరెస్ట్' అన్న మాటను తెలుగులో కొందరు 'ఆసక్తి' అని రాసేస్తుంటారు, దాంతో అర్థమే మారిపోతుంది. ఇక్కడ దాని అర్థం ప్రయోజనం, అంటే ఆ కాంట్రాక్టు కుదిరితే డైరెక్టర్‌కి సొంతంగా ఏదో ఒక లాభమో సంబంధమో ఉండటం. కంపెనీ తరఫున కొనేది ఆయనే, అవతల అమ్మేదీ ఆయనే అయితే, కంపెనీకి ధర తగ్గాలి, ఆయన ఫర్ముకి ధర పెరగాలి. ఒకే మనిషి రెండువైపులా బేరమాడలేడు.

ఈ సూత్రం చాలా పాతది. 1854లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్ రైల్వే కంపెనీ కేసు బ్రిటన్ హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. రైలు పట్టాల్ని పట్టి ఉంచే ఇనుప దిమ్మల సరఫరా కోసం ఆ కంపెనీ ఒక ఫర్ముతో ఒప్పందం చేసుకుంది, ఆ ఫర్ములో భాగస్వామి అయిన వ్యక్తే రైల్వే కంపెనీ బోర్డుకి చైర్మన్. ధర న్యాయమైనదా కాదా అన్న విచారణలోకే మేం వెళ్లం, కంపెనీ వద్దనుకుంటే ఆ ఒప్పందానికి కట్టుబడక్కర్లేదు అని తేల్చారు. అంత కఠినంగా ఉంటే వ్యాపారం నడవదు కాబట్టి, తర్వాతి చట్టాలు ఒక దారి ఇచ్చాయి: ప్రయోజనం ఉందని చెప్పు, పక్కకి తప్పుకో, మిగతావాళ్లని నిర్ణయించనివ్వు. మన కంపెనీల చట్టం 2013లోని 184వ సెక్షన్ చెప్పేది కూడా ఇదే.

ఏడాదికోసారి ఇచ్చే కాగితం వేరు, ఆ రోజు చెప్పాల్సింది వేరు

184లో రెండు వేర్వేరు బాధ్యతలున్నాయి. గందరగోళమంతా వాటిని కలిపేసుకోవడం వల్లే.

మొదటిది సాధారణ ప్రకటన. డైరెక్టర్‌గా చేరాక పాల్గొన్న మొదటి బోర్డు మీటింగ్‌లో, ఆ తర్వాత ప్రతి ఆర్థిక సంవత్సరం మొదటి మీటింగ్‌లో, మధ్యలో ఏదైనా మార్పు వస్తే ఆ తర్వాతి మొదటి మీటింగ్‌లో, తనకు ఏయే సంస్థల్లో సంబంధం ఉందో, ఎంత వాటా ఉందో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎంబీపీ-1 అంటే ఇదే. చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ ఫారాన్ని ఆఫీసులో ఇచ్చేస్తే సరిపోదు, ఆ నోటీసు తర్వాత జరిగే మీటింగ్‌లో అది బోర్డు ముందుకి వచ్చేలా చూసుకోవాల్సింది ఆ డైరెక్టరే అని రూల్స్ చెబుతున్నాయి. కాబట్టి "నేను క్లర్క్‌కి ఇచ్చాను" అన్న మాట ఆయన్ని పూర్తిగా కాపాడదు.

రెండోది ఫలానా కాంట్రాక్టు గురించిన ప్రకటన. కాంట్రాక్టు చర్చకి వచ్చే మీటింగ్‌లోనే, ఆ కాంట్రాక్టులో తన సంబంధం ఎలాంటిదో చెప్పాలి, ఆ చర్చలో పాల్గొనకూడదు. ఎవరితో కాంట్రాక్టయితే ఇది వర్తిస్తుంది? ఆయన భాగస్వామిగానో యజమానిగానో సభ్యుడిగానో ఉన్న ఫర్ము లేదా సంస్థతో అయితే వర్తిస్తుంది. అవతలిది కంపెనీ అయితే, అందులో ఆయనకు రెండు శాతం కంటే ఎక్కువ వాటా ఉన్నా, ఆయన దానికి ప్రమోటరో మేనేజరో సీఈఓనో అయినా వర్తిస్తుంది. ఆ రెండు శాతం లెక్కలో ఒక మెలిక ఉంది. ఇద్దరు డైరెక్టర్లకి అవతలి కంపెనీలో ఒకరికి ఒకటిన్నర శాతం, ఇంకొకరికి ఒక శాతం ఉందనుకోండి, విడివిడిగా చూస్తే ఇద్దరూ హద్దు లోపలే ఉన్నారు, కలిపితే రెండున్నర. చట్టం కలిపే చూస్తుంది.

ఈ రెండో ప్రకటనకి ప్రత్యేకమైన ఫారం ఏదీ నిర్దేశించలేదు. నోటితో చెప్పినా చెప్పినట్టే. కానీ నోటితో చెప్పింది గాలిలో కలిసిపోతుంది. అందుకే మంచి పద్ధతిలో నడిచే కంపెనీల్లో డైరెక్టర్ ఒక చిన్న లేఖ ఇస్తారు, దాన్ని మీటింగ్‌లో చదువుతారు, చదివినట్టు మినిట్స్‌లో రాస్తారు.

గుంటూరు మిర్చి కంపెనీ ఉదాహరణ

ఒక ఊహాజనిత కంపెనీ తీసుకుందాం. గుంటూరులో మిర్చి కొని, కోల్డ్ స్టోరేజీలో నిల్వ చేసి, ఎగుమతి చేసే పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ. షేర్ మార్కెట్లో లిస్ట్ కాలేదు. ఏటా పాతిక కోట్ల టర్నోవర్, ఐదుగురు డైరెక్టర్లు. సీజన్ ముందు అరవై వేల గోనె సంచులు కావాలి. వాటిని సరఫరా చేస్తానన్న పార్టనర్‌షిప్ ఫర్ములో ఒక డైరెక్టర్‌కి నలభై శాతం వాటా, మిగతా అరవై శాతం ఆయన భార్యది. సంచికి అరవై రూపాయల చొప్పున మొత్తం ముప్పై ఆరు లక్షలు.

మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకటి 58 రూపాయలు, డైరెక్టర్ ఫర్ముది 60, మూడోది 63. అంటే డైరెక్టర్ ఫర్ముది అన్నిటికన్నా తక్కువ ధర కాదు. కానీ 58 రూపాయల పార్టీ మొత్తం సొమ్ము అడ్వాన్సుగా అడిగింది, సరుకు నెల తర్వాతే ఇస్తానంది. ఈలోపు యార్డుకి మిర్చి రాక పెరిగిపోతుంది, సంచుల్లేక సరుకు దించుకోలేకపోతే నష్టం రెండు రూపాయల తేడా కంటే చాలా ఎక్కువ. డైరెక్టర్ ఫర్ము వారంలో సరుకు ఇచ్చి, నెలన్నర అప్పు గడువిస్తానంది. కాబట్టి 60కే తీసుకోవడం సమంజసమైన నిర్ణయమే అనుకుందాం.

ఇప్పుడు అదే మీటింగ్‌కి రెండు రకాల మినిట్స్ రాసి చూద్దాం. మొదటిది నాకు తరచుగా కనబడే రకం:

"గోనె సంచుల కొనుగోలు విషయం చర్చకు వచ్చింది. కొటేషన్లు పరిశీలించి, సంచికి 60 రూపాయల చొప్పున కొనుగోలు చేయడానికి బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించింది."

చూడ్డానికి ఏ తప్పూ లేదు. కానీ ఆ 'ఏకగ్రీవంగా' అన్న ఒక్క మాట ఆ డైరెక్టర్ మెడకి చుట్టుకుంటుంది. హాజరైనవాళ్ల పట్టికలో ఆయన పేరుంది, ఆయన బయటికి వెళ్లినట్టు ఎక్కడా లేదు, తీర్మానం ఏకగ్రీవం. అంటే ఆయన కూర్చున్నారు, చర్చించారు, ఓటేశారు అనే అర్థం. నిజానికి ఆయన లేచి బయటికి వెళ్లి వరండాలో టీ తాగుతూ కూర్చున్నారేమో, అయినా కాగితం మాత్రం ఉల్టా సాక్ష్యం చెబుతోంది.

రెండోది ఇలా ఉంటుంది:

"ఐదో అంశం చర్చకు రాకముందే ఫలానా డైరెక్టర్, సరఫరా చేయజూపిన ఫర్ములో తాను 40 శాతం వాటాతో భాగస్వామినని, మిగతా 60 శాతం తన భార్యదని తెలియజేస్తూ ఈ తేదీతో ఇచ్చిన లేఖను మీటింగ్‌లో చదివి వినిపించారు. బోర్డు దాన్ని నమోదు చేసుకుంది. అనంతరం ఆయన ఉదయం 11.40కి గది నుంచి వెళ్లిపోయారు. మిగిలిన నలుగురితో కోరం ఉన్నట్టు చైర్మన్ ధ్రువీకరించారు. మూడు కొటేషన్లను పరిశీలించిన మీదట, 58 రూపాయల కొటేషన్‌కి పూర్తి అడ్వాన్సు, నెల రోజుల గడువు షరతులు ఉన్నందున దాన్ని పక్కనబెట్టి, 60 రూపాయల కొటేషన్‌ను హాజరైన నలుగురూ ఆమోదించారు. ప్రయోజనం ఉన్న డైరెక్టర్ చర్చలో గానీ ఓటింగ్‌లో గానీ పాల్గొనలేదు. ఆయన 11.55కి తిరిగి వచ్చారు."

ఐదు వాక్యాలు ఎక్కువ, అంతే. కానీ రెండేళ్ల తర్వాత ఒక వాటాదారు "58కి ఇస్తానన్నవాణ్ని వదిలి డైరెక్టర్ ఫర్ముకి 60 ఎందుకిచ్చారు" అని అడిగితే జవాబు అందులోనే ఉంది. అక్కడ రాసినవి ఒకదాని వెంట ఒకటి ఏ వరసలో ఉన్నాయో కూడా గమనించండి: ముందు ప్రకటన, తర్వాత బయటికి వెళ్లడం, తర్వాత కోరం, ఆ తర్వాతే చర్చ. చర్చంతా అయిపోయి తీర్మానం దగ్గరికి వచ్చాక "అన్నట్టు, ఆ ఫర్ము నాదే" అంటే ప్రకటన చేసినట్టే గానీ చర్చలో పాల్గొనకూడదన్న రెండో సగం అప్పటికే ఉల్లంఘించినట్టు.

మరి ఇది కంపెనీ రోజువారీ వ్యాపారంలో భాగమే, ధర కూడా మార్కెట్ ధరే, అయినా ఇంత తతంగం కావాలా? ఇది న్యాయమైన ప్రశ్న. సంబంధిత పార్టీలతో లావాదేవీల గురించిన 188వ సెక్షన్‌లో సరిగ్గా ఈ మినహాయింపే ఉంది. మామూలు వ్యాపార క్రమంలో, బయటివాళ్లతో చేసుకున్నట్టే చేసుకున్న లావాదేవీ అయితే ఆ సెక్షన్ కింద బోర్డు ఆమోదం అక్కర్లేదు. కానీ 184లో ఆ మినహాయింపు లేదు. ధర ఎంత న్యాయమైనదైనా, ఆ కాంట్రాక్టు బోర్డులో చర్చకి వచ్చిందంటే ప్రయోజనం సంగతి చెప్పి తీరాలి. అబర్డీన్ కేసులో చెప్పిందీ అదే కదా.

తలలు లెక్కపెడితే ఏమవుతుంది

కోరం అంటే మీటింగ్ చెల్లడానికి ఉండాల్సిన కనీస సంఖ్య. బోర్డు మొత్తంలో మూడో వంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది. ఐదుగురి బోర్డులో మూడో వంతు అంటే ఒకటీ ముప్పాతిక కంటే తక్కువ, దాన్ని రెండుగా లెక్కేస్తారు. కాబట్టి ఇద్దరుంటే చాలు. అయితే పబ్లిక్ కంపెనీలో, ప్రయోజనం ఉన్న డైరెక్టర్‌ని ఆ అంశం వరకు కోరంలో లెక్కపెట్టరు.

మన మిర్చి కంపెనీలో ఆ రోజు ఐదుగురికి బదులు ముగ్గురే వచ్చారనుకోండి. సంచుల డైరెక్టర్ తప్పుకుంటే ఇద్దరు మిగులుతారు, అంచు మీద నిలబడ్డట్టు. ఆ ఇద్దరిలో ఒకరికి రైలు టైమై ముందే లేచి వెళ్లిపోయి ఉంటే ఆ తీర్మానానికి కోరమే లేదు. ఎవరు ఏ అంశానికి ఉన్నారు, ఎవరు లేరు అన్నది మినిట్స్‌లో రాయకపోతే, పట్టికలో మూడు పేర్లు చూసి అంతా బాగుందనుకుంటాం. అది బయటపడేది ఆడిటరో కోర్టో అడిగిన రోజునే.

ఇంకో అడుగు ముందుకేద్దాం. ముగ్గురే డైరెక్టర్లున్న పబ్లిక్ కంపెనీలో ఇద్దరు అన్నదమ్ములు, ఆ ఫర్ములో ఇద్దరూ భాగస్వాములు. ప్రయోజనం ఉన్నవాళ్లు మూడింట రెండు వంతులో అంతకంటే ఎక్కువో అయితే, ప్రయోజనం లేనివాళ్లలో కనీసం ఇద్దరు హాజరైతేనే కోరం అని 174వ సెక్షన్ చెబుతుంది. ఇక్కడ మిగిలింది ఒక్కరే. ఆ బోర్డు ఆ తీర్మానం చేయలేదు. ముందు సంబంధం లేని ఇంకో డైరెక్టర్‌ని తెచ్చుకోవాలి, లేదా విషయాన్ని వాటాదారుల ముందుకి తీసుకెళ్లాలి. ప్రకటన మినిట్స్‌లోకి ఎక్కకపోతే ఈ చిక్కు ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

ప్రైవేటు కంపెనీకి సడలింపు ఉంది, కానీ దాని తాళంచెవి ఎక్కడుంది?

మన దగ్గర ఎక్కువ కంపెనీలు కుటుంబ ప్రైవేట్ లిమిటెడ్‌లే. "మాకు ఇవన్నీ వర్తించవు" అని వాళ్లు అనడం వింటుంటాను. ఇందులో సగమే నిజం. 2015 జూన్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ప్రైవేటు కంపెనీలో ప్రయోజనం ఉన్న డైరెక్టర్ మీటింగ్‌లో పాల్గొనవచ్చు. 2017 జూన్ నోటిఫికేషన్ ప్రకారం ఆయన్ని కోరంలో కూడా లెక్కపెట్టవచ్చు. కానీ రెండింటిలోనూ ఒక షరతు ఉంది: తన ప్రయోజనాన్ని వెల్లడించిన తర్వాత. పైగా వార్షిక రిటర్నులు, ఆర్థిక నివేదికలు రిజిస్ట్రార్‌కి దాఖలు చేయకుండా ఎగ్గొట్టిన కంపెనీకి ఈ సడలింపులు దొరకవు.

ఇద్దరే డైరెక్టర్లున్న భార్యాభర్తల కంపెనీని ఊహించుకోండి. వాళ్లిద్దరూ భాగస్వాములుగా ఉన్న ఫర్ము షెడ్డుని కంపెనీ అద్దెకి తీసుకుంటోంది. ఇద్దరికీ ప్రయోజనం ఉంది. వెల్లడించాక ఇద్దరూ కోరంలోకి వస్తారు, ఇద్దరూ ఓటేయవచ్చు, అద్దె ఒప్పందం చెల్లుతుంది. వెల్లడించినట్టు మినిట్స్‌లో లేకపోతే, సడలింపు వాడుకోవడానికి పునాదే లేదు, కోరంలో లెక్కకొచ్చేవాళ్లు సున్నా. మూడు సంవత్సరాలు అద్దె కట్టాక బ్యాంకు లోను కోసం కాగితాలు అడిగినప్పుడో, కంపెనీలో వాటా కొనే మూడో వ్యక్తి వచ్చినప్పుడో ఈ ఖాళీ బయటపడుతుంది. అందుకే నా అభిప్రాయంలో, ప్రైవేటు కంపెనీలో ఆ ఒక్క వాక్యానికి పబ్లిక్ కంపెనీలోకంటే ఎక్కువ బరువుంది. అక్కడ డైరెక్టర్ బయటికి వెళ్లడం కూడా ఒక ఆనవాలే, ఇక్కడ మిగిలే ఆనవాలు ఆ వాక్యం ఒక్కటే.

ఒక విషయంలో మాత్రం నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. 188 కింద ఆమోదం తీసుకునే లావాదేవీ అయితే, ప్రయోజనం ఉన్న డైరెక్టర్ చర్చ సమయంలో మీటింగ్‌లో ఉండనే కూడదని రూల్స్‌లోని 15వ రూల్ అంటుంది. 2015 సడలింపు 184వ సెక్షన్‌ని మార్చింది గానీ ఆ రూల్‌ని ముట్టుకోలేదు. చట్టంలోనే పాల్గొనవచ్చని సడలించాక రూల్ దాన్ని వెనక్కి లాగలేదు అని కొందరంటారు. రెండూ వేర్వేరు సందర్భాలవి, రూల్ అలాగే ఉంది కాబట్టి బయటికి వెళ్లాల్సిందే అని ఇంకొందరంటారు. మిగిలినవాళ్లతో పని జరిగేటట్టయితే చాలామంది బయటికి వెళ్లే దారినే ఎంచుకుంటారు, భార్యాభర్తల కంపెనీలో ఆ వీలుండదు.

"అందరికీ తెలుసు" అన్న వాదనలో ఎంత బలముంది?

ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. బ్రిటన్ 2006 కంపెనీల చట్టంలో, మిగతా డైరెక్టర్లకి అప్పటికే తెలిసిన మేరకు ప్రయోజనం గురించి మళ్లీ ప్రకటించక్కర్లేదని స్పష్టంగానే రాసుకున్నారు. తెలిసినదాన్నే మళ్లీ చెప్పించడం ఉత్త లాంఛనం అన్నది వాళ్ల ఆలోచన. మన 184లో అలాంటి వెసులుబాటు లేదు, చెప్పాల్సిందే అన్నారు.

ఎందుకు చెప్పాలో బాగా అర్థం చేయించే తీర్పు కూడా ఇంగ్లండ్ నుంచే వచ్చింది, ఆ 2006 చట్టానికి ముందు. 1995లో నెప్ట్యూన్ అనే వాహనాలు కడిగే యంత్రాల కంపెనీ కేసు హైకోర్టుకి వచ్చింది. ఆ కంపెనీకి ఒక్కడే డైరెక్టర్. తన ఉద్యోగ ఒప్పందాన్ని ముగించి, తనకు తానే లక్ష పౌండ్లకు పైగా చెల్లించుకున్నాడు. ఒక్కడే ఉన్నప్పుడు ఇంక ఎవరికి ప్రకటించాలి అనిపిస్తుంది కదా. అయినా ప్రకటించాల్సిందే అన్నారు జడ్జి లైట్‌మన్. ఒంటరిగా కూర్చున్న మీటింగ్‌లో మనసులోనే చెప్పుకున్నా సరే గానీ, అది మినిట్స్‌లో నమోదు కావాలి. ఎందుకంటే ఆ ప్రకటన ఆ మనిషిని ఒక్క క్షణం ఆపుతుంది, ఇప్పుడు నేను కంపెనీ మనిషినా, నా మనిషినా అని తనని తాను అడుక్కునేలా చేస్తుంది. ఆ క్షణం నిజంగా వచ్చి వెళ్లిందని చెప్పడానికి మినిట్స్ తప్ప ఇంకో గుర్తు ఉండదు.

తెలిసి ఉండటానికీ, ఆ మీటింగ్‌లో చెప్పడానికీ తేడా అదే. పైగా ఇవాళ తెలిసినవాళ్లు రేపు బోర్డులో ఉండరు. నా అనుభవంలో ఒక కుటుంబ కంపెనీలో ముగ్గురు అన్నదమ్ములు ఏళ్ల తరబడి పెద్దాయన ఫర్ము దగ్గరే రంగులు, రసాయనాలు కొన్నారు. అందరికీ తెలుసు, అందరూ కలిసే అన్నం తినేవాళ్లు. పంపకాలొచ్చి విడిపోయాక, "మాకు అప్పట్లో చెప్పలేదు" అని తమ్ముళ్లు లాయరు నోటీసు పంపారు. పెద్దాయన దగ్గర ఏడేళ్ల మినిట్స్ పుస్తకాలున్నాయి, ఒక్కదానిలోనూ ఆ వాక్యం లేదు. ఆయన అబద్ధం చెప్పాడని నేను ఇప్పటికీ అనుకోను.

చట్టం దృష్టిలో మినిట్స్‌కి ఒక ప్రత్యేక స్థానం ఉంది. 118వ సెక్షన్ ప్రకారం పద్ధతిగా రాసి ఉంచిన మినిట్స్, అందులో ఉన్నది జరిగిందనడానికి సాక్ష్యం. తప్పని ఇంకొకరు రుజువు చేసేదాకా ఆ మీటింగ్ సక్రమంగా జరిగినట్టే భావిస్తారు. అంటే ఆ వాక్యం ఉంటే, కాదని నిరూపించాల్సిన భారం అవతలివాళ్ల మీద పడుతుంది. లేకపోతే చెప్పానని నిరూపించుకోవాల్సిన భారం డైరెక్టర్ మీద పడుతుంది. ఏడేళ్ల తర్వాత ఆ మాట ఎవరు విన్నారని తెస్తాడు?

అల్లుడు బంధువే, బావమరిది కాడు

184 డైరెక్టర్ సొంత సంబంధాల గురించే మాట్లాడుతుంది. భార్య ఒక్కతే నడిపే వ్యాపారంతో కాంట్రాక్టయితే? ఆ సెక్షన్‌లో "ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ" అన్న మాటలున్నాయి కాబట్టి వర్తిస్తుందని కొందరు, ఆ తర్వాత ఇచ్చిన వివరాల్లో బంధువుల ప్రస్తావన లేదు కాబట్టి వర్తించదని కొందరు. అయితే 188 మాత్రం బంధువుల్ని నేరుగా లాక్కొస్తుంది. చట్టం ప్రకారం బంధువు అంటే ఎవరో జాబితా ఉంది: భార్య లేదా భర్త, ఉమ్మడి హిందూ కుటుంబ సభ్యులు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. బావమరిది అందులో లేడు, మేనల్లుడూ లేడు. మన వ్యాపారాల్లో బినామీగానో భాగస్వామిగానో బావమరిది ఎంత తరచుగా కనబడతాడో మనకి తెలుసు. జాబితాలో లేడు కాబట్టి చెప్పక్కర్లేదు అనొచ్చు. కానీ తన ప్రయోజనం కంపెనీ ప్రయోజనంతో ఢీకొనే పరిస్థితిలోకి డైరెక్టర్ వెళ్లకూడదని 166వ సెక్షన్ విడిగా చెబుతోంది, అక్కడ ఏ జాబితా లేదు. ఇలాంటి చోట చెప్పి రాయించుకుంటే పోయేదేమీ లేదు, చెప్పకపోతేనే తర్వాత తలనొప్పి.

ప్రకటన చేయలేని పని

ప్రకటన మినిట్స్‌లో ఉన్నంత మాత్రాన ఆ కాంట్రాక్టు మంచిదైపోదు. హైదరాబాద్‌లో ఇది అందరం కళ్లారా చూశాం. 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, రామలింగరాజు కుటుంబానికి వాటాలున్న మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. అది ఎవరి కుటుంబ సంస్థో ఎవరికీ రహస్యం కాదు. ఇన్వెస్టర్లు తిరగబడటంతో గంటల్లోనే ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలకే, 2009 జనవరి 7న, లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ రాజు లేఖ వచ్చింది. సంబంధం బయటికి తెలియడం అనేది మిగతా డైరెక్టర్ల చేతికి ప్రశ్న అందించడం వరకే. ఆ ప్రశ్న అడగాల్సింది వాళ్లు. 58 రూపాయల కొటేషన్ని ఎందుకు వదిలేశారో మినిట్స్‌లో రాయమనేది అందుకే.

రాయడం మరిచిపోతే

ప్రకటించకుండా చేసుకున్న కాంట్రాక్టు దానంతటదే చెల్లకుండా పోదు. కంపెనీ కోరుకుంటే రద్దు చేసుకోవచ్చు, కొనసాగించుకోనూ వచ్చు. నిర్ణయం కంపెనీది, డైరెక్టర్‌ది కాదు. డైరెక్టర్‌కి లక్ష రూపాయల పెనాల్టీ ఉంది. దానికంటే పెద్ద దెబ్బ 167వ సెక్షన్‌లో ఉంది: 184కి విరుద్ధంగా ప్రయోజనం వెల్లడించకపోతే డైరెక్టర్ పదవే ఖాళీ అవుతుంది.

అందువల్లే మరిచిపోయామని తెలియగానే చాలామందికి టెన్షన్ పట్టుకుని, పాత మినిట్స్‌లో ఆ వాక్యం ఇరికిద్దామన్న ఆలోచన వస్తుంది. ఆ పని ఎంతమాత్రం చేయకూడదు. మినిట్స్‌ని మీటింగ్ అయిన ముప్పై రోజుల్లోపు, వరుస నంబర్లున్న పేజీల పుస్తకంలో ఎక్కించి ఉంటారు. ముసాయిదా డైరెక్టర్లందరికీ పదిహేను రోజుల్లోపు వెళ్లి ఉంటుంది, ఎవరో ఒకరి మెయిల్‌లో ఆ పాత పాఠం ఉండనే ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే చాలు. మినిట్స్‌ని తారుమారు చేస్తే రెండేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు, అంటే లక్ష రూపాయల పెనాల్టీతో పోయేదాన్ని క్రిమినల్ కేసు చేసుకోవడమే.

నిజంగా చెప్పి ఉండీ మినిట్స్‌లో రాయడం మరిచారా, అసలు చెప్పనే లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. చెప్పి ఉంటే, తర్వాతి మీటింగ్‌లో ఆ సంగతి ప్రస్తావించి, ఆ రోజు లేఖ ఉంటే బోర్డు ముందుంచి, పాత మినిట్స్‌లో ఫలానా వాక్యం తప్పిపోయిందని ఈ మీటింగ్ తేదీతోనే నమోదు చేయాలి. చెప్పకపోయి ఉంటే, తర్వాతి మీటింగ్‌లో డైరెక్టర్ ఇప్పుడు ప్రకటించాలి, పబ్లిక్ కంపెనీ అయితే బయటికి వెళ్లాలి. మిగతావాళ్లు కాంట్రాక్టుని మొదటి నుంచి చూసి, కొనసాగించాలా రద్దు చేయాలా తేల్చాలి. దీంతో పాత ఉల్లంఘన చెరిగిపోదు. కానీ కంపెనీ అన్నీ తెలిసే నిర్ణయం తీసుకుందని మాత్రం కాగితం మీద నిలబడుతుంది.

ఆ తర్వాత, ఇలాంటి కాంట్రాక్టుల వివరాలు ఎక్కించే ఎంబీపీ-4 రిజిస్టర్ తెరవండి. సరుకులు, సేవల కాంట్రాక్టు విలువ ఏడాదికి ఐదు లక్షలు దాటితే అందులో నమోదు చేయాలి, మన సంచుల కాంట్రాక్టు ముప్పై ఆరు లక్షలు కాబట్టి తప్పదు. ఎక్కించాక రిజిస్టర్‌ని తర్వాతి బోర్డు మీటింగ్ ముందుంచి, హాజరైన డైరెక్టర్లందరి చేతా సంతకాలు చేయించాలి. ఆడిటర్ వచ్చినప్పుడు ముందు చూసేది ఆ రిజిస్టర్‌లో తేదీ, మినిట్స్‌లో తేదీ, డైరెక్టర్ లేఖ మీద తేదీ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా లేదా అనే.